తెలుగు, ఇంగ్లిష్ కలిపి యోగా వీడియో: ఒక శ్వాసలో ఎన్ని మాటలు పడతాయి?

రెండు భాషల్లో యోగా నేర్పే వీడియో చేద్దామనుకోగానే చాలామంది ప్రతి వాక్యాన్నీ ముందు తెలుగులో, వెంటనే ఇంగ్లిష్‌లో చెప్పేస్తారు. "శ్వాస తీసుకుంటూ రెండు చేతులూ పైకెత్తండి. ఇన్‌హేల్, రెయిజ్ బోత్ యువర్ ఆర్మ్స్." చదివితే బాగానే ఉంటుంది, చేసేవాళ్లకే ఇబ్బంది. తెలుగు వాక్యం అయిపోయేసరికి చేతులు పైకి వెళ్లిపోయాయి, ఊపిరి నిండిపోయింది, అప్పుడు మళ్లీ ఇన్‌హేల్ అని వినపడుతుంది. ఇప్పుడేం చెయ్యాలి? కొందరు ఉన్న గాలి మీదే ఇంకాస్త గాలి పీలుస్తారు, కొందరు బిగబట్టి మీ తర్వాతి మాట కోసం చూస్తారు.

మామూలుగా కూర్చున్న పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాస తీసుకుంటారు. అంటే పీల్చడం, వదలడం కలిపి మూడు నుంచి ఐదు సెకన్లు. ఆసనాల్లో కాస్త నెమ్మదిస్తుంది అనుకున్నా, కొత్తవాళ్లకి పీల్చడానికి మూడు నాలుగు సెకన్లు, వదలడానికి నాలుగైదు సెకన్లు, అంతే. ఆ కాస్త సమయంలో ఒక చిన్న వాక్యం పడుతుంది, రెండు పట్టవు. కాబట్టి స్క్రిప్ట్ రాసేటప్పుడు ఏది ఏ భాషలో చెప్పాలి అనే ప్రశ్న పక్కన పెట్టి, ఈ శ్వాసలో ఏ ఒక్క మాట చెప్పాలి అని చూసుకోండి.

కింద చెప్పేదంతా పన్నెండు నిమిషాల వీడియో ఒకటి అనుకుని రాస్తున్నాను. చూసేవాళ్లు ఖమ్మంలో అరవై దాటిన అమ్మమ్మ, డాలస్‌లో స్కూలుకెళ్లే మనవరాలు అనుకోండి. అమ్మమ్మకి స్పైన్ అంటే తెలియకపోవచ్చు, మనవరాలికి పిక్క అంటే తెలియదు. ఇద్దరూ ఒకే వీడియో చూసి చెయ్యాలి.

ముందు తాకి చూపించండి

రెండు భాషల్లోనూ పేర్లు చెప్పడానికి మంచి చోటు వీడియో మొదట్లోనే, ఇంకా ఎవరికీ ఆయాసం రాకముందు. నిలబడి ఒక్కో భాగాన్నీ చేత్తో తాకుతూ రెండు పేర్లూ చెప్పండి, వాళ్లనీ తాకమనండి. భుజాలు, షోల్డర్స్. మోచేతులు, ఎల్బోస్. మణికట్లు, రిస్ట్స్. వెన్నెముక, స్పైన్. మోకాళ్లు, నీస్. చీలమండలు, యాంకిల్స్. మడమలు, హీల్స్. ప్రతి కీలునీ తాకిన వెంటనే రెండుసార్లు మెల్లగా తిప్పిస్తే అదే వార్మప్ అయిపోతుంది, పాఠంలా అనిపించదు. రెండు నిమిషాలు చాలు. ఇక్కడ వినేశారు కాబట్టి తర్వాత ఆసనంలో ఒక్క పేరు చెప్పినా ఇద్దరికీ అందుతుంది.

అన్ని మాటలూ ఇంత సులువుగా జత కుదరవు. వీటిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది నడుము. నడుము మీద చేతులు పెట్టుకోండి అంటే పక్కల సన్నటి భాగం, నడుం నొప్పి అంటే వెన్నెముక కింది భాగం. మరి నడుము వంచండి అంటే? వినేవాళ్లు సరిగ్గా ఆ నొప్పి వచ్చే చోటే వీపుని గుండ్రంగా వంచేస్తారు. మనకి కావాల్సింది అది కాదు, తొడా పొట్టా కలిసే చోట మడత పడాలి. ఇంగ్లిష్‌లో హిప్స్ అనేస్తే సరిపోతుంది, తెలుగులో తుంటి అంటే చాలామందికి తుంటి ఎముక విరగడం గుర్తొస్తుంది కానీ చెయ్యి ఎక్కడ పెట్టాలో తోచదు. అందుకే తాకి చూపించే రెండు నిమిషాల్లో దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. అరచేతుల అంచుల్ని గజ్జల్లో, అంటే తొడ మొదలయ్యే మడతలో పెట్టి, మోకాళ్లు కొద్దిగా వదులు చేసి, సీటు వెనక్కి నెడుతూ చిన్నగా వంగి చూపించి, "ఇదీ తుంటి మడత, దీన్నే హిప్స్ అంటాను" అని చెప్పేయండి. ఇక వీడియో అంతా హిప్స్ అనే వాడుకోవచ్చు.

అన్నట్టు సీటు అనే మాట ఊరికే వాడలేదు. పిరుదులు అని ఇంట్లో టీవీలో గట్టిగా వినిపిస్తే కొందరు మొహమాటపడతారు, సీటు అంటే ఎవరికీ ఇబ్బంది లేదు, అర్థమూ సూటిగా ఉంది. అలాగే రొమ్ము బదులు ఛాతీ.

కాలు, చెయ్యి కూడా జాగ్రత్తగా వాడాలి. కాలు ముందుకు పెట్టండి అంటే పాదం కదపాలా, కాలంతా చాచాలా అన్నది తెలియదు. నేలకి ఆనేదైతే పాదం అనండి, మడిచేదైతే మోకాలు అనండి, సాగేదైతే తొడ వెనక అనో పిక్క అనో చెప్పండి. చేతుల విషయంలో కూడా అరచేయి, మోచేయి, భుజం అని విడదీసి చెప్తే తప్పు తగ్గుతుంది. వీపు పై భాగం వేరు, నడుము వేరు, రెండిటి మీదుగా సాగేది వెన్నెముక.

శ్వాస మాటలు ఒకే భాషలో

ఇన్‌హేల్, ఎగ్జేల్ రెండూ చివర్లో ఒకేలా మోగుతాయి. ఫ్యాన్ తిరుగుతున్న గదిలో, ఫోన్ స్పీకర్‌లో, తల కిందికి పెట్టి ఉన్న మనిషికి చివరి సగమే వినపడుతుంది. తీసుకోండి, వదలండి అన్నవి అలా కలిసిపోవు. అందుకే శ్వాసకి మాత్రం మొదటి నుంచి చివరి దాకా తెలుగే పెట్టుకోండి. ఇంగ్లిష్ మాత్రమే వచ్చిన పిల్లలకి మొదట్లోనే ముక్కు దగ్గర చెయ్యి పెట్టి "తీసుకోండి, బ్రీత్ ఇన్. వదలండి, బ్రీత్ అవుట్" అని మూడు సార్లు చేయించండి, పట్టేస్తారు. ఉచ్ఛ్వాస నిశ్వాసలు, పూరక రేచకాలు శాస్త్రంలో సరైన మాటలే కానీ, వంగి ఉన్నప్పుడు ఏది లోపలికి ఏది బయటికి అని గుర్తు చేసుకునే తీరిక ఎవరికీ ఉండదు.

వదలండి అనే మాటతో ఒక చిక్కుంది. చేతులు వదలండి, ఆసనం వదలండి, శ్వాస వదలండి, అన్నిటికీ అదే వాడేస్తాం. శ్వాసకి తప్ప ఇంక దేనికీ ఆ మాట వాడకండి. చేతులు దించండి, కాళ్లు వదులుగా పెట్టండి, ఆసనం నుంచి బయటికి రండి అనొచ్చు.

ఇంకో ప్రమాదకరమైన మాట ఆపండి. "అక్కడే ఆపండి, హోల్డ్" అనగానే కొత్తవాళ్లు ఊపిరి కూడా బిగబట్టేస్తారు. ముఖం ఎర్రబడడం, దవడ బిగుసుకోవడం, ఆసనం నుంచి బయటికొచ్చాక ఒక్కసారిగా గాలి ఊదేయడం, ఇవి దానికి గుర్తులు. బీపీ ఉన్నవాళ్లు అలా బిగబడితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. "అక్కడే ఉండండి, శ్వాస మామూలుగా" అనండి. ఎప్పుడు ఉండండి అన్నా వెనకాలే శ్వాస మాట రావాలి, ఇది అలవాటు చేసుకోవాల్సిందే.

ఏ కదలికకి ఏ శ్వాస అన్నది పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఛాతీ తెరుచుకునేలా లేస్తే, వెనక్కి వంగితే తీసుకోవడం, పొట్ట నొక్కుకునేలా ముందుకు వంగితే, పక్కకి తిరిగితే వదలడం. తెలుగులో శ్వాస మాట ముందు పెట్టడం చాలా సహజంగా వస్తుంది కూడా: "తీసుకుంటూ, చేతులు పైకి." "వదులుతూ, ముందుకు." వినేవాళ్లకి శ్వాస మొదలుపెట్టడానికి క్షణం దొరుకుతుంది, తర్వాత శరీరం కదులుతుంది. ఇంగ్లిష్‌లో ఆలోచించి రాసిన స్క్రిప్టుల్లో చేతులు పైకెత్తండి, శ్వాస తీసుకుంటున్నారు అని తిరగేసి వస్తుంది, అప్పటికి ఆలస్యం అయిపోతుంది.

లెక్కపెట్టడం కూడా తెలుగులోనే మేలు. వన్ టూ త్రీ ఫోర్ అని చదువుతుంటే నాలిక పరిగెత్తుతుంది, ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటే దానంతట అదే నెమ్మదిస్తుంది.

ఒక ఆసనం మొత్తం స్క్రిప్ట్: మార్జాలాసనం

చేతులూ మోకాళ్ల మీద ఉండి వీపుని కిందికీ పైకీ కదిపేది, ఇంగ్లిష్‌లో క్యాట్ కౌ అంటారు. కొత్తవాళ్లకి శ్వాసనీ కదలికనీ కలపడం నేర్పడానికి దీనికంటే మంచిది లేదు, పైగా తల కిందికే ఉంటుంది కాబట్టి స్క్రీన్ చూడలేరు, మీ మాట ఎంత స్పష్టంగా ఉందో ఇక్కడే తేలిపోతుంది.

వాళ్లు ఇంకా మిమ్మల్ని చూస్తుండగానే ఒకసారి మాట్లాడకుండా చేసి చూపించండి. తర్వాత వాళ్లని చేతులూ మోకాళ్ల మీదికి రప్పించండి. "మోకాళ్ల నొప్పులుంటే కింద మడిచిన దుప్పటి వేసుకోండి. మణికట్టు నొప్పి ఉంటే పిడికిళ్ల మీద ఉండండి. అరచేతులు భుజాల కింద, షోల్డర్స్. మోకాళ్లు హిప్స్ కింద. వేళ్లు విప్పి పెట్టండి. చూపు నేల మీద." ఇక్కడ ఇంకా శ్వాస మాట రాలేదు, కాబట్టి హాయిగా చెప్పుకోవచ్చు, తొందర లేదు.

ఇప్పుడు ఆరు సార్లు చేయిస్తాం. మొదటి రెండు సార్లు వివరంగా, తెలుగులో:

"తీసుకుంటూ, పొట్ట కిందికి, ఛాతీ ముందుకి."

"వదులుతూ, వీపు పైకి, గడ్డం ఛాతీ వైపు."

అంతే, ఒక్కో వాక్యంలో రెండు శరీర భాగాలు. మూడోది పెడితే శ్వాస దాటిపోతుంది. మెడ సంగతి, బొడ్డు సంగతి, భుజాల సంగతి చెప్పాలని నాలిక దురద పెడుతుంది, అవన్నీ తర్వాతి సార్లకి దాచుకోండి. మూడు, నాలుగు సార్లకి ఇంగ్లిష్ వస్తుంది, అయితే శ్వాస మాట మారదు:

"తీసుకుంటూ, చెస్ట్ ఫార్వర్డ్."

"వదులుతూ, రౌండ్ యువర్ బ్యాక్."

మనవరాలికి ఇప్పుడు తెలిసింది, అమ్మమ్మకి ఇది ఇంతకుముందు చేసిందే అని ఒంటికి తెలుసు కాబట్టి ఇంగ్లిష్ ముక్క అడ్డు రాదు. కొత్త సమాచారం ఏదన్నా ఇవ్వాలంటే మొదటి సగం వదిలేసి ఇక్కడ ఒకే ఒకటి ఇవ్వొచ్చు: "వదులుతూ, బొడ్డు లోపలికి." చివరి రెండు సార్లు కేవలం "తీసుకుంటూ", "వదులుతూ", ఆ తర్వాత మౌనం. మీరు మాట్లాడకపోతే వీడియో ఆగిపోయిందనుకుంటారేమో అని భయపడకండి, ఆ రెండు శ్వాసల్లోనే వాళ్లు తమ వేగంతో కదులుతారు. ఆరోది అయ్యాక "వీపు సమంగా పెట్టండి, శ్వాస మామూలుగా" అని ముగించండి. మొత్తం ఒక నిమిషం చిల్లర.

ఏం తప్పు జరుగుతుందంటే, తీసుకునేటప్పుడు చాలామంది వీపు కదపకుండా మెడ ఒక్కటే వెనక్కి విరుస్తారు. "పైకి చూడండి" అన్న మాటే దానికి కారణం. చూపు ముందుకి అంటే చాలు. మరికొందరు మోచేతులు మడిచి కిందికి దిగిపోతారు, వాళ్లకి "చేతులు నిటారుగానే" అని మధ్యలో ఒకసారి అంటే సరి.

నిలబడి ముందుకు వంగడం

ఇక్కడే ఇందాక నేర్పిన తుంటి మడత పనికొస్తుంది. పాదాలు హిప్స్ అంత ఎడంగా, చేతుల అంచులు గజ్జల్లో, మోకాళ్లు కొద్దిగా వదులుగా. "తీసుకుంటూ, నిటారుగా. వదులుతూ, హిప్స్ దగ్గర మడవండి, సీటు వెనక్కి." వీపు చదునుగా ఉన్నంత వరకే వంగమనండి, అది కొందరికి సగం దూరం కూడా ఉండదు, అక్కడ చేతులు తొడల మీదో కుర్చీ మీదో ఆనించుకోవచ్చు. పాదాలు అందుకోండి అని మాత్రం చెప్పకండి, అందుకోవాలనే పట్టుదలతో వీపు గుండ్రంగా చేసేస్తారు. లాగడం ఎక్కడ తెలియాలో చెప్పడం మంచిది: "తొడ వెనక లాగితే సరే. మోకాలి వెనకో నడుములోనో లాగితే మోకాళ్లు ఇంకాస్త మడవండి." దీనికి ఇంగ్లిష్ ఒక్క ముక్క చాలు, బెండ్ యువర్ నీస్.

లేచేటప్పుడు "చేతులు తొడల మీద, తీసుకుంటూ, నెమ్మదిగా పైకి. తల చివర్లో." ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి, ముఖ్యంగా పెద్దవాళ్లకి. లేచాక రెండు శ్వాసల పాటు ఏమీ చేయించకుండా నిలబెట్టండి.

ఎవరు వంగకూడదో వంగబోయే ముందు కాదు, వీడియో మొదటి నిమిషంలోనే చెప్పండి. డిస్క్ సమస్య, కళ్లలో గ్లకోమా, రెటీనా సమస్య, బీపీ అదుపులో లేకపోవడం, ఇవి ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా తల కిందికి పెట్టే ఆసనాలు చెయ్యకూడదు. తిన్న రెండు మూడు గంటల తర్వాతే చెయ్యమనండి. భుజంగాసనం కూడా పెడుతున్నారా, అయితే గర్భిణులు, ఈ మధ్య పొట్టకి ఆపరేషన్ అయినవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు అది వదిలేసి పక్కకి పడుకోవచ్చని చెప్పాలి. ఈ మాటలు మాత్రం రెండు భాషల్లోనూ పూర్తిగా చెప్పండి, ఇక్కడ పొదుపు వద్దు.

శవాసనంలో మళ్లీ రెండు పేర్లూ

చివరి మూడు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టాక మళ్లీ మీకు సమయం దొరుకుతుంది. శవాసనం అనే పేరు ఇంట్లో పెద్దవాళ్లకి నచ్చకపోతే విశ్రాంతి అనుకోండి, ఏమీ పోదు. పాదాల నుంచి పైకి ఒక్కో శ్వాసకి ఒక్కో భాగం, ప్రతిసారీ వదిలేటప్పుడే: "అరికాళ్లు, సోల్స్. పిక్కలు, కాఫ్స్. తొడలు, థైస్. పొట్ట, బెల్లీ. అరచేతులు, పామ్స్. దవడ, జా. నుదురు, ఫోర్‌హెడ్." మధ్యలో ఒక శ్వాస ఖాళీ వదలండి. నడుము నేలకి ఆనక ఇబ్బంది పడేవాళ్లకి మోకాళ్ల కింద దిండు పెట్టుకోమని పడుకునే ముందే చెప్పాలి, పడుకున్నాక చెప్తే లేవాలి.

పైకి లేపేటప్పుడు "కుడి పక్కకి తిరిగి, చేతుల మీద బరువు వేసి కూర్చోండి." ఇక్కడ కుడి ఎడమల గొడవ వస్తుంది. మీరు కెమెరా వైపు తిరిగి ఉంటే మీ కుడి వాళ్లకి స్క్రీన్‌లో ఎడమ పక్కన కనిపిస్తుంది. దీనికి రెండు దారులు: మీరు ఎడమ చెయ్యి కదుపుతూ కుడి అని చెప్పడం, లేదా పక్క నుంచి షూట్ చేయడం. మొదటిది సాధన లేకపోతే మధ్యలో తప్పిపోతారు. ముందుకు వంగడం, మార్జాలాసనం, భుజంగాసనం మూడూ పక్క నుంచే బాగా కనిపిస్తాయి కాబట్టి అలానే తీయండి. ఫోన్ ముందు కెమెరాతో తీస్తే, తీస్తున్నప్పుడు అద్దంలోలా కనిపించేది సేవ్ అయ్యాక కొన్ని ఫోన్లలో తిరగబడుతుంది, ముందే పది సెకన్లు తీసి చూసుకోండి. కిటికీ వైపు, తలుపు వైపు అనడం క్లాసులో బాగుంటుంది, వీడియోలో ఎవరింటి కిటికీ వాళ్లది.

మాట రికార్డింగ్ విడిగా చేసుకుంటే సుఖం. వంగినప్పుడు గొంతు నేలకేసి పోతుంది, కాలర్ మైక్ బట్టకి రాసుకుంటుంది. ముందు మాట లేకుండా ఆసనాలు తీసేసి, తర్వాత ఆ వీడియో చూస్తూ, మీరూ దానితో పాటు నిజంగా శ్వాస తీసుకుంటూ వదులుతూ చెప్పండి. మీ ఊపిరి చాలకపోతే వాక్యం పొడవైందన్నమాట, అక్కడే కత్తిరించండి.

అప్‌లోడ్ చేసే ముందు ఒక పరీక్ష పెట్టండి. యోగా రాని మనిషిని ఒకరిని పిలిచి, ఫోన్ బోర్లా పెట్టి, మాట మాత్రమే వినిపిస్తూ చేయించండి. పక్కన కాగితం పెట్టుకుని వాళ్లు తల ఎత్తి ఫోన్ వైపు చూసిన ప్రతిచోటా టైమ్ రాసుకోండి, ఊపిరి బిగబట్టినట్టు అనిపించిన చోటా రాసుకోండి. తల ఎత్తిన చోట శరీర భాగం పేరు అస్పష్టంగా ఉందన్నమాట, చెయ్యి, కాలు, నడుము లాంటి పెద్ద మాట ఉందేమో చూసి దాని బదులు చిన్న భాగం పేరు పెట్టండి. బిగబట్టిన చోట మీ వాక్యం శ్వాస కంటే పొడవైంది, లేదంటే ఉండండి అని చెప్పి శ్వాస మాట మర్చిపోయారు. ఆ ముక్కలు మాత్రం మళ్లీ రికార్డ్ చేసి అతికించుకోండి, వీడియో మొత్తం మళ్లీ తీయక్కర్లేదు.